హాజరు పిలుస్తారు, పలకడానికి రండి

పదో తరగతి 2001 బ్యాచ్ మిత్రులకు,

మన క్లాసు బోర్డు మీద కుడి మూలన రోజూ రెండు అంకెలు ఉండేవి, గుర్తుందా? మొత్తం 52, దాని కింద ఆ రోజు హాజరు. కింది అంకె 52 అయిన రోజు ఒక్కటి కూడా మాకు గుర్తు రావడం లేదు. ఎవరికో నిజం జ్వరం, ఇంకెవరికో లెక్కల పరీక్ష రోజు మాత్రమే వచ్చే జ్వరం.

పాతికేళ్ల తర్వాత ఆ మూలన మళ్లీ అంకె వేయబోతున్నాం. 2026 డిసెంబర్ 27, ఆదివారం, ఉదయం తొమ్మిదిన్నరకి, మన పదో తరగతి గదిలోనే. బెంచీలు మారిపోయాయి. కంపాస్ ముల్లుతో చెక్కుకున్న పేర్ల కోసం వెతికాం కానీ ఒక్కటీ దొరకలేదు. కిటికీ పక్క సీటు మాత్రం అలాగే ఉంది, దాని కోసం ఇప్పుడైనా కొట్టుకోవచ్చు.

బెల్లు కొట్టగానే లెక్కల సార్ హాజరు పిలుస్తారు. ఫోన్ చేసి అడిగితే, "పీటీ పీరియడ్ కూడా నాకే ఇచ్చేస్తారా?" అన్నారు. అంటే ఆయనకీ అన్నీ గుర్తున్నాయన్నమాట! తెలుగు టీచర్ గారు కూడా వస్తున్నారు. పేర్లు పాత రోల్ నంబర్ల వరసలోనే ఉంటాయి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినవాళ్లని కూడా ఆ రోజు బడి పేరుతోనే పిలుస్తారు. నిక్‌నేమ్‌ల సంగతి మనం చూసుకుందాం.

ఇద్దరి పేర్లు పిలిచినప్పుడు జవాబు రాదు. అయినా ఆ పేర్లు తీసేయడం లేదు. వాళ్ల తరఫున అందరం కలిసి పలుకుదాం.

ఇక అసలు పని. హాజరు పట్టీని చేత్తో రాయిస్తున్నాం, అదీ ఒక్కసారే. అందుకే నవంబర్ 15 లోపు రిజిస్టర్ చేసుకోండి. భోజనాలు, కుర్చీలు ఆఖరి నిమిషంలోనైనా సర్దొచ్చు. కానీ ఎవరెవరు వస్తున్నారో సార్‌కి ముందే చెబితే, ఒక్కొక్కరి గురించి ఏదో ఒకటి గుర్తు చేసుకుని వస్తానన్నారు. ఆలస్యం చేస్తే మీ గుట్టు బయటపడే అవకాశం పోతుంది, మీ ఇష్టం.

బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పైన పిన్ చేసిన ఫారం నింపితే చాలు, రెండు నిమిషాల పని. గ్రూపులో లేకపోతే, ఈ ఆహ్వానం మీకు పంపినవాళ్లకే "ప్రెజెంట్" అని జవాబివ్వండి, మిగతాది వాళ్లు చూసుకుంటారు. పాత ఫొటోలు, దాచుకున్న స్లామ్ బుక్కులు ఉంటే ఫారంలో రాయండి, ఒక బల్ల వాటికే కేటాయిస్తున్నాం. కుటుంబాన్ని మధ్యాహ్నం భోజనానికి తీసుకురండి. పొద్దున మాత్రం గదిలో మనమే. సాయంత్రం నాలుగున్నరకి లాంగ్ బెల్.

ఎవరో ఒకరి అడ్రస్ దొరక్క ఇంకా వెతుకుతూనే ఉన్నాం. మీ పక్కన కూర్చున్నవాళ్లు గ్రూపులో ఉన్నారో లేదో ఒకసారి చూడండి. లేకపోతే ఇది ఇప్పుడే వాళ్లకి పంపండి.

ప్రాక్సీలు చెల్లవు.

ఇట్లు
మీ వెనక బెంచీ వాళ్లు
(ఈసారి ఏర్పాట్లన్నీ మావే, భయపడకండి)