12,783 రోజుల్లో బడి రోజులెన్ని?

గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి, తోటి ఉపాధ్యాయ మిత్రులకు, పాఠశాల కమిటీ పెద్దలకు, తల్లిదండ్రులకు, నా పిల్లలందరికీ నమస్కారం.

శాలువా కప్పారు, నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. లెక్కల మాస్టారిని కాబట్టి వెళ్లే ముందు ఒక లెక్క చేసి చూపిస్తాను. 35 ఏళ్ల సర్వీసు అంటే నిజంగా ఎన్ని పనిదినాలు? పదో తరగతి పిల్లలూ, నోటు పుస్తకం తీయండి. మీరూ నాతో పాటు వేయండి.

చేరింది 1990 జులై 2, సోమవారం. దిగిపోతున్నది 2025 జూన్ 30, ఇవాళ, ఇదీ సోమవారమే. 365ని 35తో గుణిస్తే 12,775. మధ్యలో వచ్చిన లీపు సంవత్సరాలు 1992 నుంచి 2024 దాకా తొమ్మిది. 2000ని వదిలేయకండి, 400తో భాగింపబడుతుంది కనుక అదీ లీపు సంవత్సరమే. మొత్తం 12,784. కానీ జులై 1 ఆదివారం, ఆ రోజు నేను సర్వీసులో లేను. కాబట్టి 12,783. ఒక తేదీలోంచి ఇంకో తేదీని తీసేస్తే 12,782 వస్తుంది. మొదటి రోజూ చివరి రోజూ రెండూ పనిచేసినవే కాబట్టి ఒకటి కలపాలి. ఎక్కువ మంది తప్పేది ఇక్కడే.

ఇప్పుడు తీసివేతలు. 12,783ని ఏడుతో భాగిస్తే 1,826 వారాలు, మిగిలింది ఒక సోమవారం. అంటే ఆదివారాలు 1,826. ఏడాదికి 52 అని 35తో గుణిస్తే 1,820 వస్తుంది, ఆరు తగ్గిపోతాయి. మిగిలినవి 10,957. రెండో శనివారాలు నెలకొకటి చొప్పున 420 నెలలకు 420. అవీ తీస్తే 10,537.

వేసవి సెలవుల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. మామూలుగా ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు 49 రోజులు, సరిగ్గా ఏడు వారాలు. 49ని 35తో గుణించి తీసేస్తే తప్పు. అందులోని ఏడు ఆదివారాలు ముందే తీసేశాం, కాబట్టి ఏడాదికి 42. ఇంకో చిక్కుంది. మే రెండో శనివారం ప్రతి ఏడూ సెలవుల్లోనే పడుతుంది. జూన్ రెండో శనివారం 8 నుంచి 11 లోపు వస్తే అదీ సెలవుల్లోనే. 1991 నుంచి 2025 దాకా క్యాలెండర్లు తిరగేస్తే అలాంటి జూన్‌లు 20. ఈ 55 రోజుల్నీ రెండుసార్లు తీయకూడదు. 42 × 35 = 1,470, అందులో 55 పోతే 1,415. ఇప్పుడు మిగిలింది 9,122.

దసరా, సంక్రాంతి, పండుగలు, జాతీయ దినాలు ఏటా మారుతుంటాయి. ఆదివారం పడ్డవాటిని వదిలేసి సగటున 38 పట్టుకున్నాను, 35 ఏళ్లకు 1,330. మిగిలింది 7,792. సగటున ఏడాదికి 222 పైచిలుకు. విద్యాహక్కు చట్టం 6 నుంచి 8 తరగతులకు ఏటా 220 పనిదినాలు ఉండాలంటుంది కాబట్టి లెక్క దారిలోనే ఉందని తెలుస్తోంది. వానలకూ బందులకూ మూసిన రోజుల్ని వేరే తీయలేదు, చాలావరకు సెలవు రోజుల్లో బడి పెట్టి భర్తీ చేసుకున్నాం.

భర్తీ కానిది కరోనా కాలం. 2020 మార్చి 16న బడి మూతపడింది. ఆ తర్వాతి విద్యాసంవత్సరంలో 9, 10 తరగతుల పిల్లలు ఫిబ్రవరి 1న వచ్చి మార్చి 23 తర్వాత మళ్లీ ఇళ్లకు పోయారు, దాదాపు నలభై రోజుల బడి అంతే. ఆ తర్వాత 2021 సెప్టెంబర్ 1 దాకా తెరవలేదు. 2022 జనవరిలోనూ కొన్ని రోజులు పోయాయి. డిజిటల్ పాఠాలు నడిచాయి, మేమూ బడికి వచ్చాం. సర్కారు లెక్కలో అది డ్యూటీయే. కానీ ఎదురుగా పిల్లలు లేని రోజుల్ని నేను బడి రోజులనలేను. సుమారు 285 తీశాను. మిగిలింది 7,507.

ఇక నా వల్ల పోయినవి. యువ మిత్రులు ఇది గమనించాలి: సర్వీస్ బుక్‌లో సీఎల్ రాయరు, అది బడిలోని సీఎల్ రిజిస్టర్‌లోనే ఉంటుంది. బదిలీ అయిన ప్రతిసారీ ఖాతా నకలు తీసి పెట్టుకోకపోతే ఈ లెక్క ఎప్పటికీ తేలదు. పూటల సెలవులు రెండు కలిస్తే ఒక సీఎల్, కానీ ఆ రెండు రోజులూ ఒక పూట బడిలో ఉన్నట్టే. వాటిని విడిగా చూసుకోవాలి. నావి అన్నీ కలిపి 410 సీఎల్‌లు, మెడికల్ లీవులో పోయిన పనిదినాలు 64. మిగిలింది 7,033. జనగణన, ఎన్నికలు, స్పాట్ వాల్యుయేషన్, శిక్షణలు అంటూ పనిదినాల్లో బయట గడిపినవి 280. మిగిలింది 6,753.

12,783లో 6,753. సగానికి కాస్త ఎక్కువ. పెన్షన్ లెక్కకు 33 ఏళ్లు దాటినది కలవదు, ఆ లెక్క వేరు. ఈ 6,753 మాత్రం నేను నల్లబల్ల ముందు నిలబడిన రోజులు.

రోజుకు ఐదు పీరియడ్లు అనుకుంటే 33,765 పీరియడ్లు. 45 నిమిషాల చొప్పున 25,323 గంటల 45 నిమిషాలు. ఒంటిపూట బడుల్లో పీరియడ్ చిన్నదవుతుంది, కాబట్టి అసలు సంఖ్య ఇంకాస్త తక్కువే. ఈ గంటలు పెద్దగా కనిపిస్తాయి. తరగతిలో 40 మంది ఉంటే 45 నిమిషాల్లో ఒక్కొక్కరి వంతు 67న్నర సెకన్లు. ఒక పిల్లవాడి నోట్స్ మీద వంగి, గుర్తు ఎక్కడ తారుమారైందో చూపించడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది.

పిల్లలూ, ఇప్పుడు మీ వైపు లెక్క. 220 రోజుల్లో 75 శాతం హాజరు అంటే 55 రోజులు రానట్టు. నేను లేని ఇరవై రోజులు వేరే రోజుల్లో పడ్డాయనుకోండి, మనిద్దరం కలిసి ఉన్నవి 145. ఆ 55 కూడా ఏడాదంతా సమంగా పరచుకోవు. జూన్, జులైలలో, దసరా తర్వాత మొదటి వారంలో గుంపుగా వస్తాయి. జూన్‌లో రాని పిల్లవాడికి వాస్తవ సంఖ్యలూ, అందులోని సంవర్గమానాలూ పోతాయి. తర్వాత బహుపదుల దగ్గర తడబడితే తెలివి తక్కువని ఇంట్లో అంటారు. అమ్మానాన్నలకు నా మనవి, ఆ మాట అనే ముందు హాజరు పట్టీ చూడండి.

తోటి ఉపాధ్యాయులకు ఒక పని అప్పగించి వెళ్తున్నాను. ఈ నెల 12న బడి తెరిచాక ఇవాళ్టికి 15 పనిదినాలు. పదో తరగతి 42 మందిలో తొమ్మిది మంది బడికి వచ్చింది ఐదు రోజులు మించలేదు. వాళ్ల పేర్లు, ఎవరికి ఏ అభ్యాసం దగ్గర ఆగిందీ రాసిన కాగితం తరగతి ఉపాధ్యాయుల చేతికిచ్చాను. వాస్తవ సంఖ్యల్లో చివరి అభ్యాసం మిగిలే ఉంది, కొత్త మాస్టారు వచ్చేదాకా దాన్ని ఎవరైనా పూర్తి చేయించండి. ఆ తొమ్మిది మందికి మొదటి నుంచి చెప్పాలి. బల్లలో మూడు జతల కొలత పరికరాలు, పాత ప్రశ్నపత్రాలు ఉన్నాయి. తాళం హెచ్ఎం గారికి ఇచ్చేశాను.

అందరికీ మరోసారి నమస్కారం.