పెళ్లి వీడియో మొదటి కూర్పు – మార్పులు ఎలా పంపాలంటే

నమస్కారం మేడమ్,

శుక్రవారం పంపిన 26 నిమిషాల కూర్పును ఇంటిల్లిపాదీ చూశారని తెలిసింది, సంతోషం. గ్రూపులో ఇప్పటికి 43 మెసేజ్‌లు వచ్చాయి. అన్నీ కాగితం మీద రాసుకున్నాను. జీలకర్ర బెల్లం ఘట్టం పూర్తిగా ఉండాలని నాన్నగారు, సగానికి తగ్గించమని మీ తమ్ముడు. అప్పగింతల్లో మీ ఏడుపు తీసేయమని మీరు, వీడియోకు అదే ప్రాణమని మీ అత్తయ్యగారు. ఏది చేసినా ఒకరి మాట తోసేసినట్టే అవుతుంది. ఆ తీర్పు మీ ఇంట్లోనే జరగాలి.

అందుకని ఒక ఏర్పాటు. అందరి మాటలూ విని ఒకే జాబితా మీరు పంపండి. బుధవారం సాయంత్రానికి అందితే శనివారానికి రెండో కూర్పు ఇస్తాను. గ్రూపులో విడిగా వచ్చేవి చదువుతాను గానీ వాటిని బట్టి కత్తెర పట్టను.

ఈ మొదటి విడతలో ఏ ఘట్టం ఉండాలి, ఏది పోవాలి, ఏది ముందు, ఎంత నిడివి అన్నవే చూడండి. పాటల శబ్దం, రంగులు, పేర్లలో అక్షర దోషాలు రెండో విడతకు ఉంచుదాం. కారణం ఉంది. షాట్లన్నీ పాట తాళానికి కోసి పెట్టాను. తలంబ్రాల్లో నాలుగు సెకన్లు పెంచితే ఆ పాట అయ్యేదాకా ప్రతి కోతా తాళం తప్పుతుంది, మళ్లీ సర్దాలి. రంగులు దిద్దాక షాటు తీసేస్తే ఆ శ్రమంతా వృథా.

ప్రతి మార్పు పక్కన తెర మీద కనిపించే సమయం వేయండి. ‘మధ్యలో బోరుగా ఉంది’ అన్నది అబద్ధమని అనను, నాకూ అక్కడ అనుమానమే. కానీ ఇలా రాస్తే పని ఒక్కసారిలో తెగుతుంది:

07:42 నుంచి 08:10 – భోజనాల వరుస, ఒకే మనుషులు రెండుసార్లు వచ్చారు, రెండోది తీసేయాలి.
14:05 – మామయ్యగారి ఆశీర్వాదం లేదు, చేర్చాలి.

ఎలా సరిచేయాలో తోచకపోతే ఏది నచ్చలేదో చెప్పండి చాలు, దారి నేను వెతుకుతాను.

మన ఒప్పందంలో ఉన్నవి ఈ రెండు విడతలే. శనివారం కూర్పుతో షాట్ల వరుస ఖాయం. ఆ తర్వాత కొత్త షాటు కావాలంటే ఒక్కో విడతకు 3,000 రూపాయలు. నా వల్ల జరిగిన తప్పయితే ఎప్పుడు చెప్పినా ఉచితంగానే దిద్దుతాను.

ఇంకొకటి. పిన్నిగారు మంగళహారతి ఇచ్చిన షాటు మా రెండు కెమెరాల్లోనూ లేదు, ఆ సమయంలో అడ్డంగా జనం నిలబడ్డారు. ఎవరి ఫోనులోనైనా ఉంటే అసలు ఫైలును డ్రైవ్‌లో పెట్టండి. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే నాణ్యత పడిపోయి మిగతా షాట్ల పక్కన మసకగా కనిపిస్తుంది.

ఉంటాను,
మీ వీడియో ఎడిటర్