రజతోత్సవ సభలో ముఖ్య అతిథి ప్రసంగం

పెరంబూరు, చెన్నై

వేదిక మీది పెద్దలకు, ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు, పిల్లలకు నమస్కారం.

2000 జూన్‌లో మూడు గదుల అద్దె ఇంట్లో మొదలైన బడి ఇది. ఇవాళ్టి భవనం గురించి ఇప్పటికే చాలామంది చెప్పారు. నేను తొలినాటి ఐదుగురు ఉపాధ్యాయుల పాఠం గురించి చెబుతాను.

చెన్నైలో తెలుగు పిల్లవాడికి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. వీధి బోర్డులు చదివి అలవాటైన పిల్లవాడు బడికొచ్చి లెక్కల్లో ‘భాగం’ అని రాయమంటే ‘పాకం’ అని రాస్తాడు. వాడికి లెక్క వచ్చు, అక్షరమే తప్పుతుంది. మార్కులు తగ్గించి ఊరుకుంటే ఆ తప్పు పదో తరగతి దాకా వెంట వస్తుంది.

మన తెలుగు మాస్టారు ఆ తప్పుకి మూలం పట్టుకున్నారు. క–గ, ట–డ, త–ద, ప–బ జంటలు రోజుకొకటి తీసుకుని, గొంతు మీద వేళ్లు పెట్టి పలకమనేవారు. ‘గ’ అంటే మొదటి నుంచే గొంతు అదురుతుంది. ఒత్తక్షరాలకి నోటి ముందు పలుచటి కాగితం: ‘ఖ’ అంటే ఊగాలి. ఆ తర్వాతే పది మాటల డిక్టేషన్. ముందు చెవి, తర్వాత చెయ్యి. ఈ వరస తిప్పితే పిల్లలు చూసి రాయడమే నేర్చుకుంటారు.

2006లో తమిళాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఆ ఏడాది ఒకటో తరగతి పిల్లలతో మొదలై, ఏటా ఒక్కో తరగతి పైకి జరిగింది. తెలుగు తీసేద్దామని అడిగిన తల్లిదండ్రులూ ఉన్నారు, వాళ్ల భయం అర్థమయ్యేదే. తమిళం మేడమ్, తెలుగు మాస్టారు కలిసి టైమ్‌టేబుల్ మార్చారు. రెండు భాషల పిరియడ్లూ వెంటవెంటనే రాకుండా మధ్యలో లెక్కలు పెట్టారు, లిపులు కలగాపులగం కాకుండా. తమిళంలో మాట మొదట్లో పరుషంగా పలికే అక్షరమే అనునాసికం తర్వాత సరళమవుతుందని ఆవిడ తెలుగులోనే వివరించారు. నా దృష్టిలో ఈ బడిని నిలబెట్టింది ఆ నిర్ణయమే.

ఆ బ్యాచ్ పదో తరగతిలో ఉండగానే 2015 డిసెంబరు వరదలొచ్చాయి. నగరంలో బడులు వారాల తరబడి మూతపడ్డాయి. సైన్సు మేడమ్, సోషల్ మాస్టారు తడిసిన పుస్తకాల్లోని పాఠాలు చేత్తో రాసి జెరాక్సు తీయించి ఇళ్లకి చేర్చారు. మార్చి పరీక్షకి ఆ కాగితాలే ఆధారం.

కమిటీ వారికి ఒక్క విన్నపం. తెలుగు మాస్టారి డిక్టేషన్ పుస్తకాలు, లెక్కల మేడమ్ తప్పుల పట్టిక ఇంకా స్టాఫ్ రూమ్ బీరువాలోనే ఉన్నాయి. ఈ వేసవిలోనే స్కాన్ చేయించి బైండు చేయించండి. కొత్తగా చేరే ప్రతి టీచరు చేతికీ మొదటి రోజే ఒక ప్రతి ఇవ్వండి.

ఇప్పుడు ఆ ఐదుగురూ వేదిక మీదికి రావాలి. పూర్వ విద్యార్థులారా, శాలువాలు మీరే కప్పండి.