విషయం: 14 జూన్ 2025, శనివారం ఉదయం 11 గంటలకు మీ మొదటి కన్సల్టేషన్ – చెక్ బౌన్స్ వ్యవహారం

వెంకటలక్ష్మి గారికి,

నమస్కారం. నిన్న ఫోన్‌లో మాట్లాడుకున్న ప్రకారం, సీనియర్ అడ్వకేట్ సుధాకర్ గారు శనివారం (14వ తేదీ) ఉదయం 11 గంటలకు గవర్నర్‌పేటలోని మన ఆఫీసులో మిమ్మల్ని కలుస్తారు. ఆఫీసు రెండో అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు. మెట్లు ఎక్కడం ఇబ్బందయితే ముందే చెప్పండి, కింద గదిలో కూర్చునే ఏర్పాటు చేస్తాం. 45 నిమిషాలు మీకే కేటాయించాం.

అన్నిటికంటే ముఖ్యమైనది తేదీల లెక్క. చెక్కు వాపసు వచ్చిందని బ్యాంకు మీకు తెలిపిన రోజు నుంచి 30 రోజుల్లోపు అవతలివారికి లీగల్ నోటీసు పంపాలి. గడువు దాటితే ఆ వాపసు మీద చెక్ బౌన్స్ కేసు, అంటే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కేసు నిలవదు. చెక్కు వాపసైందని బ్యాంకు ఇచ్చిన రిటర్న్ మెమో మీ చేతికి 9వ తేదీన వచ్చిందన్నారు, కానీ దాని మీద ముద్ర 6వ తేదీదని కూడా అన్నారు. మేము 6 నుంచే లెక్కేస్తాం. అలా చూస్తే జూలై 6తో గడువు అయిపోతుంది, అది ఆదివారం. అంతకుముందే బ్యాంకు నుంచి మెసేజ్ ఏమైనా వచ్చిందేమో ఫోన్‌లో వెతికి, ఉంటే చెరపకుండా ఉంచండి.

శనివారం దాకా రెండు పనులు చేయకండి. చెక్కును మళ్ళీ బ్యాంకులో వేయకండి. చెక్కు మీద ఏ ఖాళీనీ నింపకండి, దిద్దకండి, పిన్ కొట్టకండి, లామినేషన్ అసలు వద్దు. రాత మార్చారన్న అనుమానం ఒక్కటి చాలు, కేసు ఏళ్ళ తరబడి సాగడానికి.

తెచ్చుకోవాల్సినవి:

– 4,50,000 రూపాయల చెక్కు ఒరిజినల్, రిటర్న్ మెమో ఒరిజినల్, రెండేసి జిరాక్సులు.
– చెక్కు వేసిన మీ ఖాతా పాస్‌బుక్, బ్రాంచి పేరున్న మొదటి పేజీతో. మీ ఖాతా ఏ బ్రాంచిలో ఉందో ఆ పరిధిలోని కోర్టులోనే కేసు వేయాలి. ఖాతా గుడివాడలో ఉంటే విజయవాడలో వేయడం కుదరదు.
– ప్రామిసరీ నోటు ఉంటే ఒరిజినల్.
– అప్పు ఇచ్చిన నెలల బ్యాంకు స్టేట్‌మెంటు. నగదుగా ఇచ్చిన భాగానికి, ఆ డబ్బు మీ దగ్గరికి ఎలా వచ్చిందో చూపే కాగితం (ఎఫ్‌డీ రద్దు చేసిన రసీదు, బంగారం కుదువ పెట్టిన రసీదు, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్, ఏదున్నా సరే). ‘ఇంత డబ్బు మీకెక్కడిది?’ అన్న ప్రశ్న అవతలి లాయరు చేసే క్రాస్ ఎగ్జామినేషన్‌లో తప్పకుండా వస్తుంది.
– వాట్సాప్ సంభాషణలున్న ఫోన్. స్క్రీన్‌షాట్లు మాత్రమే చాలవు. ఫోన్ మార్చే ఆలోచన ఉంటే ఆపండి. వీటిని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, దాన్ని మేమే తయారుచేస్తాం.
– అవతలివారి ప్రస్తుత చిరునామా, డోర్ నంబరు, పిన్ కోడ్‌తో సహా. పాత చిరునామాకు వెళ్ళిన నోటీసు తిరిగి వస్తే పోయేది మన రోజులే.
– మీ ఆధార్.

ఒక విషయం దాచకుండా చెప్పండి. చెక్కు ఇచ్చాక, దాన్ని బ్యాంకులో వేసేలోపు ఆయన కొంత డబ్బు తిరిగి ఇచ్చారా? పది వేలైనా సరే. బాకీ తగ్గిన తర్వాత, ఆ చెల్లింపును చెక్కు మీద నమోదు చేయకుండా పూర్తి మొత్తానికి వేస్తే సెక్షన్ 138 నేరం కాదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది శనివారం తెలిస్తే దారి ఆలోచించవచ్చు. కోర్టులో అవతలి లాయరు బయటపెడితే మనం చేయగలిగింది ఉండదు.

ఫీజు: కన్సల్టేషన్‌కు 1,500 రూపాయలు. ఆ రోజే నగదుగానో, ఆఫీసులోని క్యూఆర్ కోడ్ ద్వారానో ఇవ్వవచ్చు, రసీదు ఇస్తాం. నోటీసు మాతోనే పంపిస్తే దాని ఫీజు 4,000, అందులోంచి ఈ 1,500 తగ్గిస్తాం. పోస్టు ఖర్చు విడిగా. జీఎస్టీ వేయం. నోటీసు అందాక 15 రోజుల్లో ఆయన చెల్లించకపోతే, ఆపైన నెలలోపు ఫిర్యాదు వేయాలి. ఆ కేసు ఫీజు వేరు. కాగితాలు చూశాక రాతపూర్వకంగా చెబుతాం, మీరు ఒప్పుకుంటేనే వకాలత్ మీద సంతకం. వసూలైన దాంట్లో ఇంత శాతం అని ఫీజు తీసుకోవడానికి బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు, కాబట్టి దయచేసి అలా అడగకండి.

మీ అబ్బాయిని వెంట తెచ్చుకోండి. డబ్బు ఇచ్చినప్పుడు పక్కన ఉన్న మీ తమ్ముడు గారిని మాత్రం ఈసారి వద్దనండి. ఆయన రేపు సాక్షి కావచ్చు, మన మాటలు ఆయన వినకపోవడమే మంచిది.

రావడం కుదరకపోతే శుక్రవారం సాయంత్రం 5 లోపు ఈ మెయిల్‌కే జవాబివ్వండి, సోమవారానికి మారుస్తాం. అంతకంటే వాయిదా వేయొద్దని మా మనవి.

ఇట్లు,
శ్రావణి, జూనియర్ అడ్వకేట్
సుధాకర్ గారి ఆఫీసు, గవర్నర్‌పేట, విజయవాడ
11 జూన్ 2025