ఆ ఆరు స్వరాలు రాబర్ట్ వైట్‌వి

మిత్రులారా,

టెంప్టేషన్స్ బృందం పాడిన ‘మై గర్ల్’ మీలో చాలామంది వినే ఉంటారు. ముందు జేమ్స్ జేమర్సన్ బేస్ గిటార్ ఒక్కటే వినిపిస్తుంది. దాని మీదికి ఇంకో గిటార్ వచ్చి మెల్లగా పైకి ఎక్కుతుంది: స రి గ ప ద స. మన చెవికి అది అచ్చంగా మోహన రాగం ఆరోహణ. కార్డ్ మారగానే అదే వరుస మధ్యమం నుంచి మళ్లీ మొదలవుతుంది. డేవిడ్ రఫిన్ ఇంకా నోరు విప్పనే లేదు, పాట ఏదో అప్పటికే అందరికీ తెలిసిపోయింది.

ఆ గిటార్ వాయించింది రాబర్ట్ వైట్. ఈ సాయంత్రం ఆయన్ని తలుచుకోవడానికే కూర్చున్నాం.

1964 చివర్లో విడుదలైన ఆ పాట 1965 మార్చిలో అమెరికాలో నంబర్ వన్ అయింది. రికార్డు మీద గాయకుల పేరుంది, రచయితల పేర్లున్నాయి. ఆ రచయితల్లో వైట్ అన్న ఇంటిపేరు కూడా కనిపిస్తుంది. కానీ అది స్మోకీ రాబిన్సన్‌తో కలిసి పాట రాసిన రోనాల్డ్ వైట్‌ది. మన రాబర్ట్ వైట్ పేరు ఎక్కడా లేదు. ఇది తెలిసిన రోజు నాకు చాలా కష్టంగా అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ పాటను రికార్డు చేసిన మోటౌన్ కంపెనీకి డెట్రాయిట్‌లో ఒక స్టూడియో ఉండేది. అందులో వాయించేవాళ్లు దాన్ని ‘స్నేక్‌పిట్’ అని పిలుచుకునేవారు. సుప్రీమ్స్, ఫోర్ టాప్స్, మార్విన్ గే, స్టీవీ వండర్, ఎవరు పాడినా వెనక వాయించేది దాదాపు ఒకే గుంపు. వాళ్లే ఫంక్ బ్రదర్స్. గిటార్ మీద ముగ్గురు కలిసి కూర్చునేవారు. జో మెస్సీనా డ్రమ్ దెబ్బకు సరిగ్గా అతుక్కుని కార్డ్ కొట్టేవారు. ఎడ్డీ విల్లిస్ మధ్య మధ్యలో బ్లూస్ వాసన ఉన్న ముక్కలు వేసేవారు. వైట్‌ది నిండైన, మెత్తని నాదం. ఆయన ఎక్కువగా పిక్ పట్టుకోకుండా బొటనవేలితోనే మీటేవారు. అందుకే ఆ స్వరాలకు అంచులు ఉండవు. నేర్చుకునేవాళ్లు ‘మై గర్ల్’ను ఒకసారి పిక్‌తో, ఒకసారి బొటనవేలితో వాయించి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

మూడు గిటార్లు ఒకేసారి మోగుతున్నా ఒకదాని కాలు ఇంకోటి తొక్కకపోవడం ఎంత కష్టమో బ్యాండ్‌లో వాయించినవాళ్లకు తెలుసు. వాళ్ల ముందు చాలాసార్లు కార్డ్‌ల కాగితం తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ఎవరు ఏం వాయించాలో అక్కడికక్కడ తేల్చుకునేవారు. అది కూడా స్వరరచనే అని నేను గట్టిగా నమ్ముతాను. చేతికొచ్చింది మాత్రం వాయించినందుకు కూలి. రికార్డులు ఎన్ని అమ్ముడైనా రాయల్టీలో వాళ్లకు వాటా లేదు. వేరే కంపెనీలకు వాయించకూడదని కట్టడి ఉన్నా, డబ్బు చాలక వీలు చూసుకుని షికాగో వెళ్లి వాయించి వచ్చేవారు. 1967లో జాకీ విల్సన్ పాడిన ‘హయ్యర్ అండ్ హయ్యర్’ అలా వెళ్లినప్పటిదే. అందులోనూ వైట్ ఉన్నారు.

వాయిద్యకారుల పేర్లు మోటౌన్ ఆల్బమ్ మీద అచ్చవడానికి 1971లో మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. ఆ మరుసటి ఏడాదే కంపెనీ లాస్ ఏంజెలెస్‌కు తరలిపోయింది. ఆ గుంపు చెదిరిపోయింది.

వైట్ 1994లో చనిపోయారు. అరవై కూడా నిండలేదు. ఫంక్ బ్రదర్స్ మీద డాక్యుమెంటరీ సినిమా వచ్చింది 2002లో, అంటే ఆయన పోయిన ఎనిమిదేళ్లకు. అందులో ఆయన గురించి ఒక సంగతి చెబుతారు. ఒకసారి రెస్టారెంట్‌లో కూర్చుని ఉండగా ‘మై గర్ల్’ మోగిందట. ఆ గిటార్ నాదే అని వెయిటర్‌తో చెప్పబోయి, ఎవరో ముసలాయన గొప్పలు పోతున్నాడనుకుంటాడని ఊరుకుని, ఏం కావాలో చెప్పి పంపేశారట.

చెప్పి ఉండాల్సింది, సార్. అది మీదే.

2004లో ఫంక్ బ్రదర్స్‌కు గ్రామీ జీవన సాఫల్య పురస్కారం ఇచ్చారు. అందుకోవడానికి ఆయన లేరు, జేమర్సన్ కూడా లేరు.

ఇప్పుడు రెండు పాటలు వేస్తాం. మొదటిది ‘మై గర్ల్’. రెండోది సుప్రీమ్స్ 1966లో పాడిన ‘యూ కీప్ మీ హ్యాంగింగ్ ఆన్’. మొదలవగానే టెలిగ్రాఫ్ కొట్టినట్టు ఒకే స్వరం మీద టకటకా మోగే గిటార్ ఉంటుంది, అక్కడ చెవి పెట్టండి. డయానా రాస్ పాట అందుకున్నాక కూడా దాన్ని వదలకుండా చివరిదాకా వినండి.