విషయం: మిరప పూతలో నల్ల తామర పురుగుపై కలిసి పనిచేసే ప్రతిపాదన

మేడమ్ గారికి నమస్కారం.

నేను గుంటూరులో మిరప తామర పురుగులపై పీహెచ్‌డీ చేస్తున్నాను, ఇది మూడో ఏడు. ఫ్లోరిడాలో మీరు పనిచేస్తున్న త్రిప్స్ పార్విస్పైనస్సే 2021లో మా మిరప తోటలను ముంచేసింది.

మాకు పాత తామర పురుగు తెలుసు, ఆకు పైముడత తెస్తుంది. ఇది వేరు, పూలలో దూరుతుంది. పొద్దున్నే చేలోకి వెళ్లి ఒక్కో పువ్వును తెల్ల కాగితం మీద దులిపితే నల్లటి ఆడ పురుగులు నలకల్లా పరిగెడతాయి. పూత రాలిపోయిన చెట్టు దగ్గర రైతు నిలబడి "ఏ మందు కొట్టాలమ్మా?" అని అడిగితే జవాబు చెప్పలేక బాధగా ఉంటుంది.

నా దగ్గర రెండు సీజన్ల పూల లెక్కలున్నాయి. మీ లెక్కలతో కలిపి, ఏ వాతావరణంలో ఇది పెరుగుతుందో చూద్దామా? పురుగులను విదేశానికి పంపాలంటే జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి, కాబట్టి ముందు డేటాతోనే మొదలుపెడదాం. పేపర్ రాస్తే ఇద్దరి పేర్లతోనే. మా గైడ్ గారు ఒప్పుకున్నారు.

వచ్చే వారం ఏ రోజైనా, మీకు ఉదయం, మాకు సాయంత్రం, అరగంట మాట్లాడగలరా? లెక్కల షీట్ జతచేశాను.

కృతజ్ఞతలతో,
శ్రావణి
గుంటూరు