మెయిన్ ఎల్‌టీ ప్యానెల్: ఆర్క్ ఫ్లాష్ స్టడీ నివేదిక, లేబుళ్లు

స్థలం: పత్తి జిన్నింగ్, ప్రెస్సింగ్ మిల్లు, నర్సంపేట రోడ్డు, వరంగల్
తేదీ: సెప్టెంబరు 2025
మిల్లు మేనేజర్, ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్ గార్లకు

ముందు తేలిన సంగతి చెబుతాం. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కరెంటు వచ్చే ఇన్‌కమర్ ప్యానెల్ తలుపును కరెంటు ఉండగా ఎవరూ తెరవకూడదు, ఎంత మంచి సూట్ వేసుకున్నా సరే. మిగతా ప్యానెళ్ల సంగతి వేరు, వాటికి దారి ఉంది.

లెక్క ఐఈఈఈ 1584-2018 పద్ధతిలో చేశాం. ట్రాన్స్‌ఫార్మర్ 1000 కేవీఏ, 11 కేవీ/433 వోల్టులు, ఇంపిడెన్స్ 5 శాతం. 11 కేవీ వైపు ఫాల్ట్ లెవెల్ 250 ఎంవీఏగా తీసుకుంటే, మధ్యలోని కేబుల్ పోను బస్‌బార్ దగ్గర షార్ట్ సర్క్యూట్ కరెంటు 24 కిలో ఆంపియర్లు. అయితే ఆర్క్ పుట్టినప్పుడు అంత పారదు. 32 మి.మీ. గ్యాప్‌కు, పెట్టెలో నిలువుగా ఉన్న బస్‌బార్లకు 16.8 కిలో ఆంపియర్లు వచ్చింది. తేడాలు కలుపుకుంటే 14.7 దాకా తగ్గవచ్చు కాబట్టి దానికీ చూశాం. రెండింటిలో ఎక్కువ శక్తి వచ్చిందే కింద ఇచ్చాం.

శక్తిని తేల్చేది కరెంటు ఒక్కటే కాదు, దాన్ని ఎంతసేపట్లో ఆపుతామన్నది ముఖ్యం. ఇన్‌కమర్ బ్రేకర్ అయిన 1600 ఆంపియర్ల ఏసీబీలో వెంటనే ట్రిప్ చేసే ఇన్‌స్టంటేనియస్ సెట్టింగ్ ఆఫ్ చేసి ఉంది. షార్ట్ టైమ్ సెట్టింగ్ 8 కిలో ఆంపియర్లు, 0.3 సెకన్లు. తెరుచుకునే సమయం కలిపితే 0.4 సెకన్లు. ఆ లెక్కన అవుట్‌గోయింగ్ ప్యానెళ్ల దగ్గర 610 మి.మీ. దూరంలో చదరపు సెంటీమీటరుకు 11 కేలరీలు. చర్మం మీద రెండో డిగ్రీ కాలిన గాయానికి 1.2 చాలు.

ఇన్‌కమర్‌లో చిక్కు ఇది: ఆర్క్ ఏసీబీకి ముందున్న టెర్మినళ్ల మీద పుడితే ఆ ఏసీబీ దాన్ని ఆపలేదు, 11 కేవీ వైపు బ్రేకర్ అయిన వీసీబీయే ట్రిప్ కావాలి. ఆ వైపు కనిపించేది సుమారు 660 ఆంపియర్లు మాత్రమే. రిలే పికప్ 100 ఆంపియర్లు, ఆలస్యాన్ని నిర్ణయించే టీఎంఎస్ 0.5 ఉండటంతో 1.9 సెకన్లు పడుతుంది. అంటే 52 కేలరీలు! ఈ ప్యానెల్‌లో ఏసీబీ ముందు, వెనుక భాగాలను విడదీసే గోడ లేదు. అందుకే ప్యానెల్ మొత్తానికీ ఈ అంకెనే రాశాం.

చేయాల్సిన మొదటి పని ఖర్చు లేనిది. రిలే టీఎంఎస్‌ను 0.2కు దించితే ఆపే సమయం 0.81 సెకన్లకు, శక్తి 22 కేలరీలకు దిగుతుంది. ఏసీబీయే ముందు ట్రిప్ అయ్యేలా చూసే గ్రేడింగ్‌కు ఇంకా 0.4 సెకన్ల తేడా మిగులుతుంది. సీజన్ మొదలయ్యేలోపు టెస్ట్ కిట్‌తో సెట్ చేయించండి. చేయించాక ఇన్‌కమర్ లేబుల్ కొత్తది ఇస్తాం, అప్పటిదాకా ఇదే.

రెండోది, ఏసీబీకి మెయింటెనెన్స్ మోడ్ స్విచ్. పని చేసేటప్పుడు అది ఆన్ చేస్తే 6.4 కిలో ఆంపియర్ల దగ్గర వెంటనే ట్రిప్ అవుతుంది. 60 మిల్లీసెకన్లలో ఆగితే అవుట్‌గోయింగ్ దగ్గర 1.7 కేలరీలే. ఇన్‌కమర్ టెర్మినళ్లకు మాత్రం ఈ స్విచ్ వల్ల ఏ ప్రయోజనమూ లేదు. ఇది ఆపరేటర్లకు ఒకటికి రెండుసార్లు చెప్పాలి.

చూడటానికి వచ్చినప్పుడు మూడో ప్యానెల్ తలుపు హింజ్ వంగి ఉంది. తలుపు మూస్తే ర్యాకింగ్ హ్యాండిల్ రంధ్రం సరిగ్గా కుదరడం లేదు, దాంతో తలుపు తీసే ఏసీబీని బయటికి లాగుతున్నారు. ఏసీబీ బయటికి వచ్చాక కాంటాక్టులు నేరుగా మనిషి వైపు ఉంటాయి, శక్తి పై లెక్క కంటే ఎక్కువ. హింజ్ బాగుచేసేదాకా 11 కేవీ ఆఫ్ చేయకుండా ర్యాకింగ్ వద్దు. కేబుల్ గదిలో బస్‌బార్ సపోర్టుల మీద పత్తి నూగు పొరలా పేరుకుంది, షట్‌డౌన్‌లో వాక్యూమ్ పెట్టించండి. ఊదొద్దు, ఊదితే అది లోపలికే పోతుంది.

లేబుల్ మీద కేలరీలు వేశాం కాబట్టి రక్షణ దుస్తుల పీపీఈ కేటగిరీ వేయలేదు. రెండూ పక్కపక్కన పెడితే చదివేవాడు చిన్నదాన్నే పట్టుకుంటాడు. కింద ఇచ్చినవే ముద్రించి, తలుపు తీయకముందే కనబడేలా కంటి ఎత్తులో అతికించండి.

ప్రమాదం: ఆర్క్ ఫ్లాష్
ఇన్‌కమర్ ప్యానెల్, 433 వోల్టులు
శక్తి: 52 కేలరీలు/చ.సెం.మీ., 610 మి.మీ. దూరంలో
ప్రమాద హద్దు: 6.5 మీటర్లు
కరెంటు ఉండగా తలుపు తెరవరాదు. 11 కేవీ వీసీబీ ఆఫ్ చేసి, తాళం వేసి, కరెంటు లేదని టెస్టర్‌తో చూసి, ఎర్త్ చేశాకే పని.
స్టడీ: సెప్టెంబరు 2025

హెచ్చరిక: ఆర్క్ ఫ్లాష్
అవుట్‌గోయింగ్ ప్యానెళ్లు 1 నుంచి 6, 433 వోల్టులు
శక్తి: 11 కేలరీలు/చ.సెం.మీ., 610 మి.మీ. దూరంలో
ప్రమాద హద్దు: 2.5 మీటర్లు
హద్దు లోపల కనీసం 12 కేలరీల ఆర్క్ సూట్, హుడ్, గ్లవ్స్ తప్పనిసరి. టెరిలిన్, పాలిస్టర్ బట్టలు లోపల కూడా వద్దు.
స్టడీ: సెప్టెంబరు 2025. ట్రాన్స్‌ఫార్మర్, రిలే సెట్టింగ్ మారితే వెంటనే, లేకుంటే 5 ఏళ్లలోపు మళ్లీ లెక్క.